బిర్యానీకి అయిదు, సర్వీసుకి రెండు

ఆదివారం రాత్రి పదకొండు దాటాక రెస్టారెంట్ మేనేజర్ ఫోన్‌కి ఓ రివ్యూ వచ్చింది. 'నలుగురం వెళ్లాం. మటన్ దమ్ బిర్యానీ అదిరిపోయింది. ముక్క మెత్తగా ఉడికింది, మసాలా ఎక్కడా ఘాటెక్కలేదు. సర్వీసు మాత్రం మరీ దారుణం. కూర్చున్న అరగంటకు గానీ ఆర్డర్ తీసుకోలేదు. స్టార్టర్ కంటే ముందు బిర్యానీ వచ్చింది. బిల్లు కోసం మూడుసార్లు అడగాల్సి వచ్చింది. ఫుడ్‌కి 5, సర్వీసుకి 2.' దాని మీద మూడు నక్షత్రాలు.

విజయవాడలోనో వరంగల్లోనో ఇరవై టేబుళ్లు, ఎనభై సీట్లు ఉన్న ఒక ఫ్యామిలీ రెస్టారెంట్‌ని ఊహించుకోండి. రివ్యూ, లెక్కలు ఈ వ్యాసం కోసం అల్లుకున్నవే. అయితే ఇలాంటి రివ్యూలు లేని రెస్టారెంట్ పేజీ మాత్రం తెలుగు ఊళ్లలో దొరకదు. మేనేజర్లకు జవాబు రాయడంలో ఎక్కువ తిప్పలు పెట్టేవి ఇవే. ఒక్క నక్షత్రం ఇచ్చి నాలుగు తిట్లు తిట్టిపోయినవారికి ఓ క్షమాపణ చెబితే సరిపోతుంది. అయిదు నక్షత్రాలకు ధన్యవాదాలు చాలు. ఇక్కడ పొగడ్త, ఫిర్యాదు ఒకే చోట ఉన్నాయి. పొగడ్తను అడ్డం పెట్టుకుని ఫిర్యాదు నుంచి తప్పించుకోవాలన్న ఆశ పుట్టేదీ ఇక్కడే.

ఆ ఆశ నుంచి పుట్టే వాక్యం ఒకటుంది. 'మంచి వంటకి సమయం పడుతుందండీ.' వినడానికి ఎంతో బాగుంటుంది. వంటవాడి గౌరవం నిలబెట్టినట్టూ ఉంటుంది, కస్టమర్ ఓపికకు ఓ చిన్న పాఠం చెప్పినట్టూ ఉంటుంది. కానీ ఈ రివ్యూ విషయంలో ఆ మాట అబద్ధం. ఎందుకు అబద్ధమో తెలియాలంటే ముందు బిర్యానీ హండీ దగ్గరికి వెళ్లాలి.

కచ్చీ పద్ధతిలో చేసే హైదరాబాదీ బిర్యానీలో పెరుగు, మసాలాలు పట్టించి నానబెట్టిన పచ్చి మాంసాన్ని హండీ అడుగున పరుస్తారు. దాని మీద సగానికి పైగా ఉడికిన బియ్యం పోసి, మూత అంచుకు పిండి చుట్టి ఆవిరి బయటికి పోకుండా దమ్ పెడతారు. హండీ పరిమాణాన్ని బట్టి సుమారు గంటసేపు అది అలా మగ్గాలి. నానబెట్టే సమయం దీనికి అదనం. అందుకే ఏ రెస్టారెంటూ మీరు ఆర్డర్ ఇచ్చాక బిర్యానీ మొదలుపెట్టదు. మధ్యాహ్నం రద్దీ మొదలయ్యేసరికే మొదటి హండీ సిద్ధంగా ఉంటుంది. అది సగం ఖాళీ అయ్యేసరికి రెండోది దమ్ మీద ఉంటుంది. ఆర్డర్ చీటీ వచ్చినప్పుడు మాస్టర్ చేసే పనల్లా గరిటెతో పొరలు చెదరకుండా పక్క నుంచి తీసి ప్లేటులో పెట్టడమే. కొత్త హండీ మూత తీయడానికి ఆగాల్సి వస్తే తప్ప, ఆ రెస్టారెంట్‌లో అందరికంటే త్వరగా టేబుల్ మీదికి చేరగలిగేది బిర్యానీయే. దాని నిదానమంతా కస్టమర్ గుమ్మంలో అడుగు పెట్టకముందే ఖర్చయిపోయింది.

ఇది తిన్నవారికి తెలియాల్సిన అవసరం లేదు. మేనేజర్‌కి మాత్రం బాగా తెలుసు. తెలిసి కూడా దమ్ పేరు చెప్పి ఆలస్యాన్ని సమర్థించుకుంటే, రివ్యూ చదివేవారిలో వంట తెలిసినవారు ఒక్కరున్నా ఆ జవాబు పరువు పోతుంది.

మరి ఆలస్యం ఎక్కడ జరిగింది? జవాబు రాసే ముందు మేనేజర్ వెతకాల్సింది ఇదే. రెస్టారెంట్లలో ఇప్పుడు ప్రతి కదలికకూ ఏదో ఒక గుర్తు మిగులుతోంది. కెప్టెన్ ఆర్డర్ నమోదు చేయగానే వంటగదిలో కేఓటీ అనే చీటీ ప్రింటవుతుంది. దాని మీద టేబుల్ నంబరు, వంటకాల పేర్లు, టైమూ ఉంటాయి. బిల్లు మీద టైము ఉంటుంది. యూపీఐ చెల్లింపుకు టైము ఉంటుంది. గుమ్మం దగ్గర వెయిటింగ్ పుస్తకం ఉంటే, ఎంతమంది ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు లోపలికి వెళ్లారో అందులో రాసి ఉంటుంది. హాల్లో సీసీ కెమెరా ఎలాగూ తిరుగుతూనే ఉంటుంది. రివ్యూలో నలుగురు, మటన్ బిర్యానీ, ఒక స్టార్టర్, ఆదివారం అన్న ఆనవాళ్లున్నాయి కాబట్టి టేబుల్ దొరకడం కష్టం కాదు.

మన మేనేజర్ సోమవారం పొద్దున్న కూర్చుని ఇవన్నీ ముందేసుకున్నాడు. వెయిటింగ్ పుస్తకం ప్రకారం ఆ నలుగురు 1:10కి వచ్చారు, 1:30కి కూర్చున్నారు. కేఓటీ 1:52కి పడింది. అందులో ఫుల్ తందూరి చికెన్, మూడు మటన్ బిర్యానీలు ఒకేసారి ఉన్నాయి. కెమెరా చూస్తే బిర్యానీ 2:03కి టేబుల్ చేరింది, తందూరి చికెన్ 2:21కి వచ్చింది. బిల్లు కోసం మొదటిసారి చెయ్యి ఎత్తింది 2:44కి. బిల్లు ప్రింటయింది 2:58కి. యూపీఐలో డబ్బు పడింది 3:07కి.

కూర్చున్నప్పటి నుంచి లేచేదాకా 97 నిమిషాలు. ఆర్డర్ ఇవ్వడానికి 22 నిమిషాలు ఎదురుచూశారు. డబ్బు కట్టి బయటపడడానికి మరో 23 నిమిషాలు. అంటే 45 నిమిషాల నిరీక్షణకు పొయ్యితో ఏ సంబంధమూ లేదు. వంటగదికి సంబంధించిన ఆలస్యం ఒక్కటే, తందూరి చికెన్‌ది. ఆర్డర్ ఇచ్చాక బిర్యానీ పదకొండు నిమిషాల్లో వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం రద్దీలో అది మంచి వేగమే.

ఇక్కడ మేనేజర్‌కి మరో ఆశ పుడుతుంది. కస్టమర్ అరగంట అన్నారు, పుస్తకం 22 నిమిషాలంటోంది. 'అరగంట కాదండీ, 22 నిమిషాలే' అని రాయాలనిపిస్తుంది. రాస్తే మేనేజర్ లెక్కలో గెలిచి మనుషుల దగ్గర ఓడిపోతాడు. ఎందుకంటే ఆ ఎనిమిది నిమిషాల తేడాను కస్టమర్ కల్పించలేదు. ఎదురుచూపు అనేదే అలా సాగుతుంది.

హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో పనిచేసిన డేవిడ్ మైస్టర్ 1985లో ఎదురుచూపుల మనస్తత్వం మీద ఒక వ్యాసం రాశాడు. సేవారంగంలో ఈనాటికీ దాన్ని ప్రస్తావిస్తూనే ఉంటారు. చేతిలో పని లేని సమయం ఎక్కువసేపు అనిపిస్తుందంటాడు. ఎంతసేపో తెలియని ఎదురుచూపు, ఎందుకో చెప్పని ఎదురుచూపు మరీ పొడుగ్గా తోస్తాయి. పని మొదలవకముందు ఎదురుచూడడం, మొదలయ్యాక ఎదురుచూడడం కంటే బరువు. మన తర్వాత వచ్చినవారి పని ముందు జరిగితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. ఈ మాటలన్నీ మన టేబుల్‌కి అతికినట్టు సరిపోతాయి. ఆర్డర్ ఇచ్చాక ఆగడంలో కనీసం మన వంటకం పొయ్యి మీద ఉందన్న ధీమా ఉంటుంది. ఆర్డరే తీసుకోకపోతే మనం వచ్చిన సంగతి ఎవరైనా గమనించారో లేదో అన్న అనుమానం తొలుస్తుంది. తిన్నాక బిల్లు కోసం ఎదురుచూడడం ఇంకో రకం. కడుపు నిండింది, ఎదురుగా ఖాళీ ప్లేట్లు, పిల్లలు పేచీ, గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ల చూపులు మన కుర్చీ మీదే. ఆ 23 నిమిషాలు ఎంత సేపనిపించాయో ఏ కెమెరా చూపదు.

ఆలస్యానికి కారణం ఏమిటో ఇంకా తేలలేదు. ఇద్దరు కెప్టెన్లు ఉండాల్సిన హాల్లో ఒంటిగంటన్నర నుంచి రెండు దాకా ఒక్కడే ఉన్నాడు. రెండోవాడు పార్శిల్ కౌంటర్‌లో ఉన్నాడు. డెలివరీ యాప్‌ల ఆర్డర్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే, బయట డెలివరీ కుర్రాళ్లు గుమిగూడితే, అతన్ని అక్కడికి పిలిచారు. పైగా పన్నెండున్నరకు కూర్చున్న మొదటి జట్టంతా ఒంటిగంటన్నరకు ఒకేసారి లేచింది. తుడిచీ తుడవకముందే అయిదు టేబుళ్లను ఒకేసారి నింపేశారు. అయిదు కుటుంబాలు ఒకే క్షణంలో మెనూ తెరిస్తే ఒక్క కెప్టెన్ ఏం చేస్తాడు? అయిదో టేబుల్‌కి చేరేసరికి 22 నిమిషాలయింది. అందులో అతని బద్ధకం ఏమీ లేదు. నిజానికి ఆ అరగంట అతను పరుగుతోనే గడిపాడు.

తందూరి సంగతి వేరు. బట్టీ ఒక్కటే. రోటీలు, నాన్లు, కబాబులు, చికెన్ అన్నీ దానిలోనే, దాని ముందు మనిషీ ఒక్కడే. ఫుల్ చికెన్ ఇనుప చువ్వకు గుచ్చి లోపల పెట్టాక సరిగ్గా కాలడానికే పావుగంట, ఇరవై నిమిషాలు కావాలి. ముందు చీటీలు ఉంటే చువ్వకు చోటు దొరికేదాకా ఆగాలి. 29 నిమిషాలు ఆదివారానికి వింతేమీ కాదు. వింత ఏమిటంటే, ఆ సంగతి తెలిసిన కెప్టెన్ దాన్ని టేబుల్ దగ్గర చెప్పలేదు. 'తందూరికి అరగంట పట్టొచ్చండీ, బిర్యానీ దాని తర్వాత పంపమంటారా?' అని ఒక్కమాట అడిగి, బిర్యానీ చీటీని ఆపి ఉంచితే స్టార్టర్ స్టార్టర్‌గానే వచ్చేది. రెండూ ఒకేసారి వంటగదికి వెళ్లాయి. సిద్ధంగా ఉన్నది ముందు వచ్చేసింది. బిర్యానీ మాస్టర్ తన పని తాను చేశాడు, తందూరి మాస్టర్ తన పని తాను చేశాడు. రెండింటినీ కలిపి చూడాల్సిన మనిషి లేకపోయాడు.

బిల్లు కథ చిన్నది. క్యాష్ కౌంటర్ గుమ్మం పక్కన, పార్శిల్ కౌంటర్ కూడా అక్కడే. హాల్లో సప్లయర్ వెళ్లి బిల్లు అడిగితే క్యాషియర్ డెలివరీ కుర్రాళ్ల మధ్య ఇరుక్కుని ఉన్నాడు.

ఈ లెక్క వల్ల మేనేజర్‌కి కళ్లు తెరిపించే ఇంకో సంగతి బయటపడుతుంది. ఇరవై టేబుళ్లూ ఇలాగే 97 నిమిషాల చొప్పున నిండి ఉంటే గంటకు పన్నెండు కుటుంబాలే కూర్చోగలుగుతాయి. ఆర్డర్ దగ్గరా బిల్లు దగ్గరా కలిపి ఓ అరగంట తగ్గిస్తే, అవే టేబుళ్లలో గంటకు పద్దెనిమిది దాకా కూర్చోవచ్చు. ఒక చోట ఎంతమంది ఉంటారన్నది, ఎంత వేగంగా వస్తున్నారు, ఒక్కొక్కరు ఎంతసేపు ఉంటున్నారు అన్న రెండింటి మీదే ఆధారపడుతుందని జాన్ లిటిల్ 1961లో గణితంగా నిరూపించాడు. గుమ్మం దగ్గర ఆ నలుగురు నిలబడిన ఇరవై నిమిషాలూ అంతకుముందు ఇంకెవరి బిల్లో ఆలస్యం కావడం వల్లే అయ్యుండొచ్చు. లోపల బిల్లు కోసం కూర్చున్నవారూ, బయట టేబుల్ కోసం నిలబడ్డవారూ ఒకే జబ్బుతో బాధపడుతున్నారు. హాల్ పెద్దది చేయాలని యజమాని ఆలోచిస్తుంటే, ముందు ఈ రివ్యూ చూపించాలి.

ఇప్పుడు జవాబు. చాలా రెస్టారెంట్లు ఈ పనిని సోషల్ మీడియా చూసుకునే ఏజెన్సీకి అప్పగిస్తాయి. అక్కడి నుంచి వచ్చే జవాబు అందరికీ కంఠతా వచ్చు. 'ప్రియమైన అతిథీ, మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు. అసౌకర్యానికి చింతిస్తున్నాం. మరోసారి మీకు సేవ చేసే అవకాశం ఇవ్వగలరు.' ఈ మూడు వాక్యాలను బ్యాంకు కిందా పెట్టొచ్చు, బట్టల షాపు కిందా పెట్టొచ్చు. పేజీ కిందికి జరిపితే ఇదే జవాబు పదిమందికి పదిసార్లు కనిపిస్తుంది. బిర్యానీ బాగుందన్నవారికీ అదే, వెంట్రుక వచ్చిందన్నవారికీ అదే. దానికంటే మౌనం నయం.

రెండో రకం జవాబు కోపంతో వస్తుంది. 'ఆదివారం రద్దీ ఉంటుందని తెలిసి వచ్చారు కదా' అనో, 'మా కస్టమర్లందరూ మెచ్చుకుంటున్నారు, మీకే ఎందుకలా అనిపించింది' అనో. అమెరికాలో అరిజోనా రాష్ట్రం స్కాట్స్‌డేల్లోని ఏమీస్ బేకింగ్ కంపెనీ కథ ఈ దారి చివర ఏముంటుందో చూపించింది. 2013లో గోర్డన్ రామ్సే టీవీ షోలో ఆ రెస్టారెంట్ కనిపించాక విమర్శలు వెల్లువెత్తాయి. విమర్శించినవారిని బూతులు తిడుతూ రెస్టారెంట్ ఫేస్‌బుక్ పేజీలో పోస్టులు పడ్డాయి. పేజీని ఎవరో హ్యాక్ చేశారని యజమానులు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికి ఆ స్క్రీన్‌షాట్లు ప్రపంచమంతా తిరిగేశాయి. 2015లో రెస్టారెంట్ మూతపడింది.

జవాబు ఎవరి కోసం రాస్తున్నామన్నది మేనేజర్ మరచిపోకూడదు. రివ్యూ రాసినవారికి జవాబు వచ్చినట్టు గూగుల్ కబురు పంపుతుంది, నిజమే. వాళ్లు కావాలనుకుంటే తమ రివ్యూను, నక్షత్రాలను మార్చుకోవచ్చు కూడా. కానీ దాన్ని చదివేవారిలో ఎక్కువమంది వచ్చే ఆదివారం ఎక్కడ తిందామా అని ఫోన్ తిప్పుతున్న అపరిచితులు. వాళ్లకు కావాల్సిన సమాచారం ఒక్కటే: ఈ ఆలస్యం మాకూ జరుగుతుందా?

ఇలా జవాబులివ్వడం వల్ల ఫలితం ఉంటుందా అన్నదాన్ని డేవిడ్ ప్రొసెర్పియో, జార్జియోస్ జెర్వాస్ అనే ఇద్దరు పరిశోధకులు కొలిచారు. వారి అధ్యయనం 2017లో మార్కెటింగ్ సైన్స్ పత్రికలో వచ్చింది. ట్రిప్అడ్వైజర్‌లో అమెరికాలోని టెక్సాస్ హోటళ్ల రివ్యూలను వాళ్లు పరిశీలించారు. అవి బస చేసే హోటళ్లు, భోజన హోటళ్లు కావు. జవాబులివ్వడం మొదలుపెట్టాక వాటికి రివ్యూలు 12 శాతం పెరిగాయి, సగటు రేటింగ్ 0.12 నక్షత్రం పెరిగింది. అంకె చిన్నదే. దానికంటే ఆసక్తికరమైనది మరొకటుంది. విమర్శలు తగ్గాయి, కానీ వచ్చిన ఒక్కో విమర్శా పొడవు పెరిగింది. యాజమాన్యం చదువుతుందని తెలిసినప్పుడు ఊరికే తిట్టిపోసేవారు వెనకడుగు వేస్తారు, ఫిర్యాదు ఉన్నవారు వివరంగా రాస్తారు. వివరంగా రాసిన ఫిర్యాదే మేనేజర్‌కి పనికొస్తుంది. మన ఉదాహరణలోని రివ్యూ ఆర్డర్, స్టార్టర్, బిల్లు అని మూడు చోట్లనూ విడివిడిగా చెప్పింది కాబట్టే టేబుల్ దొరికింది, తప్పు దొరికింది.

మేనేజర్ మంగళవారం పెట్టిన జవాబు ఇది. 'నమస్కారమండీ. బిర్యానీ గురించి మీరు రాసింది మా మాస్టర్‌కి చదివి వినిపించాను, చాలా సంతోషించారు. ఇక సర్వీసు గురించి మీరు చెప్పినవన్నీ నిజమే, ఆదివారం రికార్డులన్నీ చూశాను. మీరు కూర్చున్న సమయానికి హాల్లో ఆర్డర్లు రాసుకునే మనిషి ఒక్కరే ఉన్నారు. అది మా ఏర్పాటులో లోపం. తందూరికి ఆలస్యమవుతుందని మీకు ముందే చెప్పి, బిర్యానీ తర్వాత పంపాల్సింది. అదీ చేయలేదు. తిన్నాక బిల్లు కోసం మిమ్మల్ని అన్నిసార్లు అడిగించినందుకు క్షమించండి. పార్శిల్ కౌంటర్‌కి ఈరోజు నుంచి వేరే మనిషిని పెట్టాం. బిల్లు ఇక మీ టేబుల్ దగ్గరే తీస్తారు. ఆదివారం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా రద్దీ మాత్రం తప్పదు. పన్నెండున్నర లోపు వస్తే తీరిగ్గా తినొచ్చు. ఇంకేమైనా చెప్పాలనుకుంటే రెస్టారెంట్ నంబరుకి ఫోన్ చేసి మేనేజర్‌ని అడగండి, నేనే మాట్లాడతాను.'

ఇందులో ఉన్నవాటికంటే లేనివి గమనించదగ్గవి. 22 అన్న అంకె లేదు. అది మేనేజర్ సొంత లెక్క కోసమే. కెప్టెన్ పేరు లేదు. 'ఆ అబ్బాయిని మందలించాం' అన్న మాట అసలే లేదు. రికార్డులు చూశాక తప్పు ఆ అబ్బాయిది కాదని తేలింది. నిజంగా అతనిదే అయినా నలుగురిలో పేరు పెట్టడం న్యాయం కాదు. కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, బిల్లు మొత్తం ఏవీ లేవు. రిజర్వేషన్ పుస్తకంలో దొరికిన వివరాలను జవాబులో పెట్టి 'మీరు ఫలానా కదా' అంటే చదివేవారందరూ జంకుతారు. సర్వీసు మీద అన్ని మాటలు రాసి, చివర్లో 'మీ తర్వాతి బిర్యానీ మా తరఫున' అన్న వాక్యమూ లేదు. రివ్యూ మార్చినందుకో తీసేసినందుకో బహుమతి ఇవ్వడాన్ని గూగుల్ నియమాలు ఒప్పుకోవు. పైగా జవాబులో ఉచిత బిర్యానీ కనిపిస్తే మరుసటి వారం ఎలాంటి రివ్యూలు వస్తాయో ఊహించడం కష్టమేమీ కాదు. కస్టమర్ ఫోన్ చేస్తే, మాటల మధ్య మేనేజర్‌కి ఏమివ్వాలనిపిస్తే అది ఇవ్వొచ్చు. అది ఇద్దరి మధ్య సంగతి, నక్షత్రాలతో సంబంధం లేకుండా ఉన్నంతకాలం.

బిర్యానీ ప్రస్తావన ఒక్క వాక్యంలో అయిపోయింది. ఫిర్యాదు చేసినవారికి పొగడ్త గురించి మూడు వాక్యాలు రాస్తే, మాట దాటేస్తున్నారనిపిస్తుంది. రద్దీ ఏ వేళ ఉంటుందో దాచకుండా చెప్పడం యజమానికి మొదట నచ్చకపోవచ్చు. రావద్దని చెప్పినట్టుందని అంటాడు. అయితే తెలిసి ఆగడం వేరు, తెలియక ఆగడం వేరు. మైస్టర్ చెప్పింది అదే. పన్నెండున్నరకు వచ్చే కుటుంబాలు నాలుగు పెరిగినా హాల్లో ఒత్తిడి తగ్గుతుంది.

జవాబు ఆదివారం రాత్రే ఎందుకు పెట్టలేదని అడగొచ్చు. ఆ రాత్రి మేనేజర్ దగ్గర రికార్డు లేదు, కోపం ఉంది. మంగళవారానికి పార్శిల్ మనిషి కుదిరాడు, చేతిలో పట్టుకుని తిరిగే బిల్లు మెషిన్ వచ్చింది. 'చర్యలు తీసుకుంటాం' అనాల్సిన చోట 'తీసుకున్నాం' అనగలిగాడు. ఆ వాక్యం రాశాక దాన్ని నిలబెట్టుకోవడం ఒక బాధ్యత. తర్వాతి ఆదివారం కేఓటీ టైములు, కూర్చున్న టైములు పక్కపక్కన పెట్టి చూడాలి. మళ్లీ ఇరవై నిమిషాలు దాటితే, మళ్లీ అలాంటి రివ్యూనే వస్తుంది. ఈసారి దాని పైన పాత జవాబు వెక్కిరిస్తూ ఉంటుంది.

రికార్డులు చూశాక టేబులే దొరకలేదనుకుందాం. అప్పుడూ అబద్ధమని కొట్టిపారేయకూడదు. 'మీరు చెప్పిన వివరాలతో మాకు ఆ రోజు టేబుల్ కనిపించలేదు, తేదీ, సమయం చెబితే తప్పకుండా చూస్తాం' అనడం చాలు. నిజంగా వచ్చినవారు చెబుతారు. రాని రివ్యూకి అదే సమాధానం. నకిలీదని గట్టి ఆధారం ఉంటే గూగుల్‌కి ఫిర్యాదు చేయొచ్చు గానీ, చెడ్డ రివ్యూను రెస్టారెంట్ తనంతట తాను తొలగించలేదు. ఆన్‌లైన్ రివ్యూల సేకరణ, ప్రచురణ ఎలా ఉండాలో చెబుతూ మన దేశంలోనూ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ తెచ్చింది.

ఒక్క చోట మాత్రం మేనేజర్ జవాబు రాయకముందే బిల్లు తిరగేసి చూడాలి. దాని మీద సర్వీస్ చార్జ్ ఉందా? ఉంటే ఎంత మంచి జవాబు రాసినా ఈ కస్టమర్ దగ్గర చెల్లదు. సర్వీస్ చార్జిని బిల్లులో తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2022 జులైలో మార్గదర్శకాలిచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆర్డర్ కోసం అరగంట కూర్చోబెట్టి, సర్వీసుకని పది శాతం వేయడం కంటే రెచ్చగొట్టే పని ఇంకోటి ఉండదు.

రెస్టారెంట్ పేజీ తెరిచేవారు నక్షత్రాలు చూసి ఆగిపోకుండా, ఫుడ్ మెచ్చుకుని సర్వీసును తిట్టిన రివ్యూలకు మేనేజర్ ఏం రాశాడో ఒక నిమిషం చదవండి. అన్నిటికీ ఒకే జవాబు ఉంటే అక్కడ ఎవరూ చదవడం లేదని అర్థం. మీరు రివ్యూ రాసే రోజున 'సర్వీస్ స్లో' అని వదిలేయకండి. ఏ రోజు, ఏ వేళ, ఎక్కడ ఆగాల్సి వచ్చిందో రాయండి: గుమ్మం దగ్గరా, ఆర్డర్ కోసమా, వంటకం కోసమా, బిల్లు కోసమా. మేనేజర్ కేఓటీ తీసి చూసుకోవడానికి ఆ ఒక్క వాక్యం చాలు.